వెనక సీటు ఖాళీ అయిన తరువాత

‘అతివేగం, నిర్లక్ష్యం’ అన్న రెండు మాటలూ, కమిటీ సభ్యులలో ఒక్కరైనా పడిపోయిన ఆ ఆటోను పరీక్షించకముందే కాగితం మీద టైపు అయి ఉన్నాయి. అడుగున మా ఐదుగురి సంతకాలకూ ఐదు గీతలు గీసి ఉంచారు. నాలుగో గీత నాది. ఉద్యోగ జీవితమంతా ఢిల్లీలో ప్రభుత్వ వాహనాల తనిఖీ షెడ్డులో గడిపినవాణ్ణి. పరీక్షించని బండి మీద సంతకం చేయమని అక్కడ నన్నెవరూ అడగలేదు. రిటైరైన తరువాత, గ్రేటర్ నోయిడాలోని ఒక ఇంజనీరింగు కళాశాలవారు, అందులోనూ యంత్రశాస్త్రం బోధించేవారు, అడిగారు.

ఆ కళాశాలకు నేను మంగళవారం, శుక్రవారం పాఠం చెప్పడానికి వెళ్తాను. మెట్రో దిగాక అక్కడికి షేరింగు ఆటోలే గతి. కళాశాలవారు తమ బస్సును మానేసి, దాని బదులు పొద్దున పూట స్టేషను మెట్ల దగ్గర ఒక గార్డును నిలబెట్టారు. అతని చేతిలో అనుమతి పొందిన ఆటోల జాబితా, నోట్లో ఈల. వరసలో ముందున్న బండిలోకి మనుషులను ఎక్కించడం అతని పని. అధ్యాపకులు, ఆడపిల్లలు వెనక సీటులో ముగ్గురు. మగపిల్లలు డ్రైవరుకు అటొకరు, ఇటొకరు. ఐదుగురు నిండితేగాని ఈల మోగదు. డ్రైవరు సీటుకు రెండు పక్కలా చెక్క పలకలు బిగించని ఆటో ఆ స్టాండులో ఒక్కటీ లేదు.

దారిలో మొదట వచ్చేది స్టాఫ్ గేటు. అక్కడ వెనకవాళ్ళం ముగ్గురం దిగిపోతాం. ముందున్న ఇద్దరు పిల్లలతో బండి ఇంకొంత దూరం వెళ్ళి, రోడ్డు మధ్య డివైడరు తెగిన చోట కుడికి తిరిగి మెయిన్ గేటు చేరుతుంది. వెనక సీటంతా ఖాళీగా ఉన్నా పిల్లలు వెనక్కి మారరు. రెండు నిమిషాల ప్రయాణానికి దిగి ఎక్కడం ఎందుకని వాళ్ళ ఉద్దేశం. మారమని ఎవరూ చెప్పరు కూడా.

ఆ మంగళవారం నేను ఎక్కిన ఆటో బులంద్‌శహర్ వైపు నుంచి వచ్చిన ఒక నడివయసు మనిషిది. తక్కువ మాట్లాడే మనిషి, బండిని నున్నగా నడుపుతాడు. కుదుపు లేకుండా గేరు మార్చే డ్రైవరు ఎవరో నాలాంటివాడికి వెన్నెముకే చెబుతుంది. స్టాఫ్ గేటు దగ్గర నేను, ఇద్దరు అధ్యాపకురాళ్ళు దిగాం. నేను పాఠం ముగించి బయటికి వచ్చేసరికి, ఆ ఆటో డివైడరు మలుపులో ఎడమ పక్కకు పడిపోయిందనీ, ఎడమవైపు కూర్చున్న కుర్రవాడి మణికట్టు విరిగిందనీ, డ్రైవరు పేరును గార్డు జాబితాలోంచి కొట్టేశారనీ తెలిసింది. కమిటీ నివేదిక వచ్చాక పేరు శాశ్వతంగా తీసేస్తారట, పోలీసు ఫిర్యాదు కూడా ఇస్తారట. పొద్దున పూట ఆ స్టాండు తప్ప అతనికి వేరే స్టాండు లేదు.

మలుపు దగ్గరకు నడిచి వెళ్ళాను. బండిని లేపి రోడ్డు వారగా నిలబెట్టారు. డ్రైవరు దాని పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. అద్దం పగిలింది, ఎడమ రేకు నొక్కుకుపోయింది. టోపీ తీసి హ్యాండిలు చూశాను. గేరు మార్చే ఎడమ చేతి పిడి రెండో గేరు గుర్తు దగ్గర ఉంది.

“బండి లేపాక ఎవరైనా పిడి తిప్పారా?” అని హిందీలో అడిగాను.

“ఎవరూ ముట్టుకోలేదు బాబూజీ. స్టాఫ్ గేటు దగ్గర మీరు దిగారు, ఫస్టులో లేపాను, సెకండు వేశాను, అంతలో మలుపు వచ్చింది. సెకండులో ఈ బండి ఎంత పరుగెడుతుంది? సైకిలువాడు అడ్డం వచ్చాడు. బ్రేకు తొక్కాను. అంతే, వెనక చక్రం లేచిపోయింది.”

“ఏ చక్రం?”

“కుడిది. నా కుర్చీ కింద నేల లేనట్టు అయింది.”

ఇది జేబులోని నోటు పుస్తకంలో రాసుకున్నాను. రాస్తుంటే అతను నా చేతివైపు చూసి, “పోలీసుకి ఇస్తారా?” అన్నాడు.

“నా దగ్గర ఉంచుకుంటాను,” అన్నాను.

రెండు రోజుల తరువాత కమిటీ కూర్చుంది. కళాశాల రవాణా వ్యవహారాలు చూసే అధికారి అధ్యక్షుడు. నాతోపాటు ఆ రోజు వెనక సీటులో ఉన్న ఒక అధ్యాపకురాలు కూడా సభ్యురాలు. ఆమెది కరీంనగర్, మెకానికల్ విభాగం, నా కూతురి వయసు ఉంటుంది. మిగిలిన ఇద్దరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు.

అధికారి కాగితం నా ముందుకు తోశాడు. “సార్, ఇక్కడ సంతకం.”

“బండి రెండో గేరులో ఉంది,” అన్నాను. “రెండో గేరులో, అదీ నిలిచిన చోటు నుంచి బయలుదేరిన బండికి, అతివేగం ఎక్కడి నుంచి వచ్చింది?”

“పడేటప్పుడు పిడి తిరిగి ఉండొచ్చు కదా.”

“క్లచ్చు నొక్కకుండా తిరగదు. పడిపోతున్న మనిషి ఎడమ చేత్తో క్లచ్చు నొక్కి, పిడి తిప్పి, గేరు తగ్గించుకుని మరీ పడ్డాడని రాయిస్తారా?”

ఆయన నవ్వాడు. “అచ్ఛా, అయితే బండిదే తప్పు అని రాద్దాం. అసలు ముందు ఒక్క చక్రం పెట్టి తయారు చేయడమేమిటి సార్? ఇంకో చక్రం ఖర్చు మిగుల్చుకోవడానికి కాకపోతే. అది పడక ఏం చేస్తుంది?”

నాకు మొదటి మాట కంటే ఈ రెండో మాటకు ఎక్కువ కోపం వచ్చింది. మొదటిది సోమరితనం. రెండోది, ఇంజనీరింగు కళాశాల గదిలో, గోడ మీద డిగ్రీలు వేలాడుతుండగా పలికిన అజ్ఞానం. నివేదిక కాగితమే తిరగేసి దాని వెనక బొమ్మ వేశాను. వాళ్ళకు చెప్పినది ఇక్కడ కూడా రాయవలసి ఉంది, ఎందుకంటే ఆ బండిలో రోజూ ఎక్కేవాళ్ళలో ఎక్కువమందికి ఇది తెలియదు.

ముందు రెండు చక్రాలు ఉంటే, మలుపులో లోపలి చక్రం ఎక్కువ కోణంలో, బయటి చక్రం తక్కువ కోణంలో మళ్ళాలి. లేకపోతే టైర్లు నేలమీద ఈడ్చుకుపోతాయి. దానికి కడ్డీలు, కీళ్ళు, స్టీరింగు పెట్టె కావాలి. ఒక్క చక్రమైతే ఒక నిలువు గొట్టం చాలు. పైన హ్యాండిలు, కింద చక్రం, స్కూటరులాగే. చేయి ఎంత తిప్పితే చక్రం అంత తిరుగుతుంది. కారు రెండుసార్లు వెనక్కి తీసుకోవలసిన గల్లీలో ఆటో ఒక్క ఊపులో వెనుదిరిగేది అందువల్లనే. ఇక బరువంతా వెనక ఉంది. ఒక్క సిలిండరు ఇంజను ప్రయాణికుల సీటుకు దిగువన, వెనక భాగంలో కూర్చుంటుంది. దాని బలం డిఫరెన్షియల్ ద్వారా రెండు వెనక చక్రాలకూ పోతుంది. మలుపులో అవి వేర్వేరు వేగాలతో తిరిగేందుకు వీలు కల్పించేది ఆ డిఫరెన్షియలే. ఇంజను, మనుషులు, సామాను వెడల్పుగా ఉన్న వెనక రెండు చక్రాల దగ్గర ఉండాలి. ముందు చక్రం దారి చూపాలి. ఇది పొదుపు బండే, కానీ ఆలోచించి చేసిన పొదుపు.

“అయితే ఎందుకు పడింది?” అన్నాడు అధికారి, గడియారం చూసుకుంటూ.

అధ్యాపకురాలు తన కుర్చీని నా పక్కకు జరుపుకుంది. నా బొమ్మలోని త్రికోణం మీద వేలు పెట్టి, తెలుగులో, నాకు మాత్రమే వినబడేలా అంది.

“సార్, ఈ మూడు చక్రాలు తాకే చోట్లు కలిపితే త్రికోణం గదా. ముందుకు పోతాంటే సన్నబడతది. బరువు ముందుకు జరిగితే అంచుకు దగ్గరైతది. మనం ముగ్గురం దిగినంక బండిల ఎవరున్నరు?”

“ముందు ముగ్గురు,” అన్నాను.

“ఎనుక?”

ఆమె ఇంకా తగ్గిన గొంతుతో, “మనమే ఖాళీ జేసినం సార్,” అంది.

ఆ రాత్రి కాదు, ఆ మధ్యాహ్నమే, లైబ్రరీలో కూర్చుని నా నోటు పుస్తకాలు తిరగేశాను. చేరిన నాటి నుంచి ప్రతి ప్రయాణం రాసుకున్నాను. ఎక్కిన సమయం, బండి నంబరు, దిగిన సమయం, ఎంతమంది. తనిఖీ షెడ్డులో అలవాటైన పని. పేజీ తరువాత పేజీలో నా దస్తూరిలోనే ఉంది: “స్టాఫ్ గేటు, ముగ్గురం దిగాము. ముందు ఇద్దరు విద్యార్థులు కొనసాగినారు.” కొన్ని చోట్ల “వెనక ఖాళీ” అని కూడా రాశాను. పనిచేసే రోజుల్లో ఇలాంటి బండిని షెడ్డు గుమ్మం దాటనిచ్చేవాణ్ణి కాదు. ఇక్కడ దిగి, గొడుగు సర్దుకుని, పాఠం చెప్పడానికి వెళ్ళిపోయాను. వాళ్ళందరి మీదా మండిపడుతున్న నేను, చూసినది అక్షరాలా రాసి పెట్టుకుని, ఒక్కసారైనా “బాబూ, వెనక్కి వచ్చి కూర్చోండి” అనలేదు. ఇంత శ్రద్ధగా రాసినది ఎవరికి చూపించడానికి అని ఆ మధ్యాహ్నం నన్ను నేను ప్రశ్నించుకున్నాను.

మర్నాడు శుక్రవారం. అధికారిని లిఖితపూర్వకంగా అడిగి, కళాశాల వర్క్‌షాపులో పరీక్ష ఏర్పాటు చేయించాను. ఒక అంచు కీలు మీద నిలిచే ఇనుప వేదిక అక్కడ ఉంది. రెండో అంచును గొలుసు కప్పీతో పైకి లేపవచ్చు. డ్రైవరు తన బండిని తెచ్చి దాని మీద నిలిపాడు. చక్రాలు పక్కకు జారకుండా కింది అంచున ఇనుప బద్ద వేశాం. పడిపోతే పట్టుకోవడానికి పై దూలం నుంచి బండికి వదులుగా తాడు కట్టాం. మనుషుల బదులు ఇసుక బస్తాలు మూడు, ఒకటి డ్రైవరు స్థానంలో, రెండు ప్రయాణికులవి. పైకి లేచే కుడి వెనక చక్రం కింద ఒక కాగితం ముక్క పెట్టాను. చక్రం బరువు మోస్తున్నంత వరకూ కాగితం రాదు. లాగగానే జారి వచ్చిందంటే ఆ చక్రం నేలను వదిలినట్టే.

మొదట రెండు బస్తాలూ వెనక సీటులో పెట్టాం. అధ్యాపకురాలు గొలుసు లాగుతుంటే వేదిక అంచు లేచింది. కాగితం జారినప్పుడు వేదిక అంచు ఎంత ఎత్తున ఉందో గోడ మీద సుద్దతో గీత గీశాను. వేదిక దించి, అవే రెండు బస్తాలను డ్రైవరు బస్తాకు అటూ ఇటూ చెక్క పలకల మీద పెట్టాం. బండి అదే, బరువు అదే. ఈసారి కాగితం ముందే జారింది. రెండో గీత మొదటి గీతకు బెత్తెడు కంటే ఎక్కువ కిందికి పడింది.

అధికారి రెండు గీతలనూ చూశాడు. “ఇంతేనా తేడా?”

“బండి నిలబడి ఉండగా ఇంత,” అన్నాను. “మలుపులో బండి బయటి వైపుకు తూలుతుంది. అప్పుడే బ్రేకు తొక్కితే బరువు ముందుకు తోసుకొస్తుంది. రెండూ కలిసి ముందు మూలకు నెడతాయి. కారుకు ఆ మూలన చక్రం ఉంటుంది. దీనికి అక్కడ ఏమీ లేదు.”

డ్రైవరు అంతసేపూ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. “టీ కొట్టులో మూడు కాళ్ళ స్టూలు మీద ఓ పక్కకు ఒరిగి కూర్చున్నట్టు,” అన్నాడు మెల్లగా. “మూడు కాళ్ళూ బాగానే ఉంటాయి. మనమే కాళ్ళ మధ్య కూర్చోలేదు.” కమిటీ కూర్చుని తేల్చలేనిదాన్ని అతను రెండు మాటల్లో చెప్పాడు.

అధికారికి కూడా అర్థమైంది. ఎంత త్వరగా అర్థమైందంటే, నేను సుద్ద చేతులు తుడుచుకునేలోపే ఆయన కొత్త వాక్యం తయారు చేసుకున్నాడు. “అంటే, డ్రైవరు పక్కన ప్రయాణికులను కూర్చోబెట్టడం వల్ల పడింది. అది పర్మిట్టుకు విరుద్ధం. ఠీక్ హై, అతివేగం కొట్టేసి ఇదే రాద్దాం. పేరు తీసేయడానికి ఇది ఇంకా గట్టి కారణం.”

డ్రైవరు నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అదే నన్ను కోసింది. “బాబూజీ, స్పీడు అని ఉంటే కాళ్ళు పట్టుకునైనా బతిమాలుకునేవాణ్ణి. ఇప్పుడు మీరు కాగితం మీద రుజువు చేసిపెట్టారు.”

అతన్ని కాపాడాలని నేను చేసిన పరీక్ష అతని మెడకే చుట్టుకుంది. పరీక్ష తప్పు కాదు. పలకలు బిగించింది అతనే, అదీ అబద్ధం కాదు. అయితే ఆ పలకల మీద మనుషులను ఎక్కించింది ఎవరు? ఆ మాట రాయకుండా ఈ మాట ఒక్కటే రాస్తే అది సగం నిజం, సగం నిజం మీద కూడా నేను సంతకం చేయను.

అక్కడే, వర్క్‌షాపు బల్ల మీదే, భిన్నాభిప్రాయ పత్రం రాశాను. కళాశాల గార్డు ప్రతి ఉదయం ఈల వేసి ఇద్దరు విద్యార్థులను ముందు కూర్చోబెడుతున్నాడని, ఐదుగురు నిండని బండిని కదలనివ్వడని, వెనకవాళ్ళను ముందుగా దింపే స్టాఫ్ గేటు ఏర్పాటు కళాశాలదేనని రాశాను. ఆ తరువాత, నేను స్వయంగా ఇన్ని నెలలుగా ఈ సంగతి చూసి, రాసుకుని, ఎవరికీ చెప్పలేదని కూడా రాశాను. నా పుస్తకాల్లోని ఆయా పేజీల నకళ్ళు జతపరుస్తానన్నాను.

అధికారి చదివాడు. మొహం మారింది. “సార్, ఇందులో మీ పేరు కూడా వచ్చింది.”

“రావాలి.”

“గార్డు మన మనిషి.”

“అందుకే రాశాను.”

అధ్యాపకురాలు కలం అడిగి తీసుకుని నా సంతకం కింద తన సంతకం పెట్టింది. “నేను గూడ దిగిపోయిన సార్, రోజూ,” అంది హిందీలో కాకుండా తెలుగులోనే, ఎదుటివాడికి అర్థం కాకపోయినా ఫరవాలేదన్నట్టు.

వారం తిరిగేసరికి ఆ కేసు లేదు. నివేదికా లేదు, నా పత్రమూ లేదు. ‘పరిశీలన ముగిసినది’ అని ఒక్క వాక్యం. పోలీసు ఫిర్యాదు ఇవ్వలేదు. డ్రైవరు పేరు జాబితాలో తిరిగి చేరింది. న్యాయం తోచి చేర్చారని నేను అనుకోవడం లేదు. అతన్ని తీసేస్తే, కారణం అడిగినవాళ్ళందరికీ నా కాగితం కూడా చూపించవలసి వస్తుంది. స్టాండులో ఒక నోటీసు అంటించమని, వెనక సీటు ఖాళీ కాగానే ముందున్నవాళ్ళు వెనక్కి మారాలని రాయమని, నేను అడిగిన ఒక్క పనీ చేయలేదు. డ్రైవరు చేతికి మాత్రం ఇంగ్లీషులో ఒక హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. మంగళవారం పొద్దున స్టాండులో దాన్ని నాకు చూపించాడు.

“ఏమని ఉంది బాబూజీ?”

“ఇకముందు జాగ్రత్తగా నడపాలని.”

“ముందు ఎవర్నీ కూర్చోబెట్టొద్దని రాశారా?”

“రాయలేదు.”

అతను ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సీటు కింది నుంచి పానా తీసి, వరసలో నిలబడే, రెండు పలకల బోల్టులూ విప్పి, పలకలను వెనక సామాను అరలో పడేశాడు. అతని వంతు వచ్చింది. నేను, ఇంకో ఇద్దరు వెనక ఎక్కాం. గార్డు ఇద్దరు కుర్రాళ్ళను ముందుకు తోలుకొచ్చి ఆగిపోయాడు.

“పలకలేవి?”

“తీసేశాను.”

“అందరూ ఐదుగురిని తీసుకెళ్తుంటే నీకేం ప్రత్యేకం? ముగ్గురినే అయితే వరస చివరికి పో.”

“పోతాను,” అన్నాడు డ్రైవరు.

నాతో ఎక్కిన ఇద్దరూ దిగి తరువాతి ఆటోలోకి మారారు. ఒక కుర్రాడు, “అంకుల్, మీకు క్లాసుకి లేటవుతుంది,” అన్నాడు. నేను దిగలేదు. డ్రైవరు బండిని తిప్పి, వరస చివరికి తీసుకెళ్ళి ఇంజను ఆపాడు. ముందు తొమ్మిది ఆటోలు ఉన్నాయి. నేను పుస్తకం తెరిచి, కదిలిన ప్రతి బండి నంబరూ, అందులో ముందు కూర్చున్నవాళ్ళ లెక్కా రాయడం మొదలుపెట్టాను. గార్డు కాసేపు చూసి దగ్గరికి వచ్చాడు.

“ఏం రాస్తున్నారు సాబ్?”

చదివి వినిపించాను. ఈల నోట్లోంచి తీసి, “ఇవన్నీ ఎవరికిస్తారు?” అన్నాడు.

“ఈసారి అందరికీ ఇస్తాను,” అన్నాను. “గాయపడ్డ కుర్రవాడి తండ్రికి మొదట.”

అతను ఈల మళ్ళీ నోట్లో పెట్టుకుని వరస మొదటికి వెళ్ళాడు. తరువాతి ఆటోలో కూడా డ్రైవరుకు అటూ ఇటూ ఇద్దరు కుర్రాళ్ళు ఎక్కారు. ఆ నంబరు కూడా రాసుకున్నాను.